పుట్టినరోజు విషెస్‌కి ఒక్కొక్కరికీ జవాబు రాయడం: నా అనుభవం

నాకు అల్లూరులో చిన్న ఆక్వా ల్యాబ్ ఉంది. చుట్టుపక్కల రొయ్యల రైతులు గుంట నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తే పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూసి కాగితం మీద రాసిస్తాను. ఈ పనిలో ఉన్నవాడికి ఫోన్ నిండా మనుషులే. రైతులు, మేత షాపులవాళ్ళు, సీడ్ తెచ్చేవాళ్ళు, కంపెనీ కుర్రాళ్ళు, వీళ్ళు గాక చుట్టాలు, కావలిలో డిగ్రీ కలిసి చదివినవాళ్ళు. జూన్‌లో నాకు నలభై నిండాయని ఫేస్‌బుక్ అందరికీ చెప్పింది. విషెస్ ఎనభైకి తక్కువ రాలేదు.

నిజానికి నేను జూన్‌లో పుట్టలేదు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ అది. మా అమ్మ లెక్కలో నా పుట్టినరోజు కార్తీకంలో వస్తుంది, అందుకని జూన్‌లో ఆమె ఒక్క మాట కూడా అనదు. సగం మందికి ఈ సంగతి తెలుసు, తెలిసీ పంపుతారు. మా వైపు ఇలాంటి రికార్డు పుట్టినరోజులు బోలెడు.

అందరికీ విడివిడిగా రాయాలని పట్టు పట్టడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు ఏడాది ఒక స్నేహితుడి పుట్టినరోజుకి నాలుగు ముక్కలు కూడబలుక్కుని రాశాను. వాళ్ళ నాన్న పోయిన ఏడాది అది, ఆ సంగతి కూడా ఒక మాట అన్నాను. అతని నుంచి "థ్యాంక్యూ సో మచ్ బావా, చెల్లెమ్మని అడిగానని చెప్పు" అని జవాబు వచ్చింది. నేను అతనికి బావను కాను. ఎవరికో రాసింది కాపీ చేసి వరసగా అంటించుకుంటూ పోయాడని తెలిసిపోయింది. కోపం రాలేదు గానీ, మరుసటి ఏడాది అతనికి పంపాలని ఫోన్ తీస్తే మాత్రం చెయ్యి ఆడలేదు.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఒకటుంది. 256 మంది దాకా ఒకే మాట ఒకేసారి పంపొచ్చు, అవతలివాళ్ళకి విడిగా వచ్చినట్టే కనపడుతుంది. కాకపోతే మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. నా రైతుల్లో ఎంతమంది సేవ్ చేసుకున్నారో నాకే తెలియదు. దానికంటే పెద్ద చిక్కు మనుషులది. మా మేనత్త వాళ్ళది బుచ్చిరెడ్డిపాళెం. ఆ ఇంట్లో అత్త, మామ, వాళ్ళబ్బాయి, కోడలు, నలుగురివీ నాలుగు ఫోన్లు. నలుగురూ విడివిడిగా విషెస్ పెడతారు, రాత్రి అన్నాల దగ్గర "నీకేం రాశాడు?" అని చూసుకుంటారు. ఒకే వాక్యం నాలుగు ఫోన్లలో కనపడితే ఇంక చెప్పేదేముంది. అందుకే నేను మొదట గుర్తు పెట్టుకునేది ఎవరెవరి ఫోన్లు ఒకరివొకరు చూసుకుంటారు అన్నది. ఆ నలుగురికీ రాసేటప్పుడు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళకి ఒకే ఊపులో రాయను. మధ్యలో వేరేవాళ్ళవి నాలుగైదు రాసి మళ్ళీ అక్కడికి వస్తాను.

ఆ రోజు పొద్దున్నించీ ల్యాబ్‌లో జనం. జూన్ అంటే పట్టుబడుల కాలం, రైతు టెన్షన్‌లో ఉంటాడు, నేను ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే బాగుండదు. వచ్చిన మెసేజ్ నోటిఫికేషన్‌లోనే చదివేవాణ్ణి, చాట్ తెరవలేదు. తెరిస్తే నీలం టిక్కులు పడతాయి, చూసి కూడా పలకలేదంటారు. తర్వాత దాన్ని చదవనట్టు మార్క్ చేసుకున్నా అది మన ఫోన్‌లో గుర్తు కోసమే, అవతల పడ్డ నీలం టిక్కులు పోవు. ఫోన్ చేసినవాళ్ళతో మాత్రం అప్పుడే మాట్లాడేశాను. ఫోన్లో మాట్లాడిన మనిషికి మళ్ళీ మెసేజ్ అక్కర్లేదు, ఆ మేరకు పని తగ్గుతుంది.

సాయంత్రం సీసాలు కడిగేసి, శాంపిల్ రిజిస్టర్ చివరి పేజీ తీశాను. మామూలుగా అందులో రైతు పేరు, ఊరు, గుంట నంబర్, సీడ్ వేసి ఎన్ని రోజులైందీ రాస్తాను. ఆ పేజీలో విషెస్ పంపినవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతి పేరు పక్కన ఒక్క మాట రాసుకున్నాను. ఆ మనిషిని తలుచుకుంటే మొదట ఏది గుర్తొస్తే అది. "జనరేటర్." "కూతురి ఇంటర్." "చెన్నై ఆస్పత్రి." "అప్పు తీర్చాడు." "పెన్నా ఒడ్డున పల్లీలు." జవాబు రాయడంలో కష్టమైన సగం ఇక్కడే అయిపోతుంది. ఆ మాట చేతిలో ఉంటే వాక్యం దానంతటదే వస్తుంది. అది లేకుండా టైప్ చేయడం మొదలుపెడితే "మీ అభిమానానికి ధన్యవాదాలు" దగ్గర తేలుతాం.

కొందరికి మాట దొరకదు. అప్పుడు చాట్ తెరిచి విషెస్ పైన ఏముందో చూడాలి. పోయిన నెల ఏదో మాట్లాడుకుని ఉంటే అందులోంచి ఒకటి దొరుకుతుంది. కొన్ని చాట్లలో పైన ఉండేది పోయినేడాది పుట్టినరోజే. ఆయన విషెస్, దాని కింద నా జవాబు, మళ్ళీ ఈ ఏడాది విషెస్. మధ్యలో ఏడాదంతా ఖాళీ. ఇలాంటి చోట నిరుటి జవాబు చదవకుండా రాస్తే చిక్కే. అక్కడ "థ్యాంక్యూ అన్నా, అంతా బాగేనా?" అని ఉంటే, ఈసారీ చెయ్యి అదే రాయబోతుంది. రెండూ అవతలి ఫోన్‌లో ఒకే తెర మీద కనపడతాయి. కాపీ అనేది ఇద్దరి మధ్యే కాదు, ఒకే మనిషికి రెండేళ్ళ మధ్య కూడా జరుగుతుంది.

కాపీ అనిపించడంలో కీబోర్డుకి కూడా వాటా ఉంది. మనం రాసినవాటిని అది గుర్తు పెట్టుకుంటుంది. నాలుగు జవాబులు "థ్యాంక్స్" అని మొదలుపెడితే, అయిదోసారి ఆ మాట కొట్టగానే పైన పట్టీలో మిగతా వాక్యం ముక్కముక్కలుగా చూపిస్తుంది. వేలు అటే పోతుంది. నేను కాపీ కొట్టకపోయినా ఫోన్ నా చేత కొట్టిస్తుందన్నమాట. దీనికి నాకు దొరికిన విరుగుడు, థ్యాంక్స్‌ని మొదట పెట్టకపోవడం. రిజిస్టర్‌లో పేరు పక్కన రాసుకున్న మాటతో మొదలుపెట్టి థ్యాంక్స్‌ని చివరికి తోసేయడం, లేదా అసలు అనకపోవడం. మన మాటల్లో ప్రతిదానికీ థ్యాంక్స్ చెప్పుకునే అలవాటు ఎక్కడుంది? మామ దీవిస్తే "అట్నే మామా" అంటాం.

రాసినవాటిలో కొన్ని చెబుతాను.

విడవలూరు రైతు ఒకాయన "హ్యాపీ బర్త్ డే అన్నా" అని పెట్టాడు, ఒక కేకు బొమ్మ. రిజిస్టర్‌లో ఆయన పక్కన "జనరేటర్" అని ఉంది. మేలో ఒక రాత్రి కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే ఏరేటర్లు ఆగిపోయాయి, రొయ్య పైకి తేలుతోందని నాకు ఫోన్ చేశాడు. ఆయనకి రాసింది ఇది: "ఆ రాత్రి జనరేటర్ స్టార్ట్ అయిందాకా నాకూ నిద్ర పట్టలా తమ్ముడూ. నీ కేకు ముట్టింది." అంతే. ఇది ఇంకెవరికీ పంపడానికి పనికిరాదు. జవాబు సరిగ్గా కుదిరిందో లేదో నేను ఇలాగే చూసుకుంటాను. ఈ వాక్యాన్ని పక్క పేరుకి పంపితే అతుకుతుందా? అతికితే మళ్ళీ రాయాలి.

ఇంకొకాయన గుంటలో వైట్ స్పాట్ రోగం వచ్చి, రొయ్య సైజుకి రాకముందే గుంట పట్టేయాల్సి వచ్చింది. పెట్టుబడి కూడా రాలేదు. అలాంటి మనిషి పొద్దున్నే "సార్ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి" అని పెట్టాడు. పేరు పక్కన నాకు తోచిన మాట "వైట్ స్పాట్". కానీ అది జవాబులోకి తేకూడని మాట. మా ఇద్దరికీ తెలిసినదే కావచ్చు, పుట్టినరోజు విషెస్ పెట్టిన మనిషికి ఆయన నష్టాన్ని తిరిగి గుర్తుచేయడం ఏం మర్యాద? "పంట ఎట్టుంది?" అని అడగడం ఇంకా తప్పు. అందుకని రిజిస్టర్‌లో ఆ మాట కొట్టేసి, వాళ్ళ పాప సంగతి రాసుకున్నాను. ఒకసారి ల్యాబ్‌కి వచ్చి మైక్రోస్కోప్‌లో చూసి "ఇంత పెద్ద కాళ్ళా!" అని అరిచింది. "పెద్దాయన దీవించినట్టు దీవించారు. పాపని ఇంకోసారి తీసుకురండి, ఈసారి మొప్ప చూపిస్తా" అని రాశాను. ఆయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

మేనత్తకి రాయలేదు, వాయిస్ పెట్టాను. ఆమె గులాబీ పువ్వు మీద శుభాకాంక్షలు అని ఉన్న బొమ్మ పంపింది. పైన ఫార్వర్డెడ్ అని కూడా ఉంది. ఒక్క మాట కూడా టైప్ చేయకుండా బొమ్మ తోసినవాళ్ళకి నేను మామూలుగా హార్ట్ గుర్తు ఒకటి నొక్కి ఊరుకుంటాను. వాళ్ళు పెట్టిన శ్రమకి అది చాలు, ఎక్కువ రాస్తే వాళ్ళకే ఇబ్బంది. మా అత్త సంగతి వేరు. అరవై అయిదేళ్ళ మనిషి, కోడలి దగ్గర ఫోన్ నేర్చుకుంటోంది. ఆ బొమ్మ వెతికి, నా పేరు పట్టుకుని పంపడానికి ఎంతసేపు పట్టిందో. "అత్తా, నీ గులాబీ నాకు ముట్టింది. ఎవరి చేతా పంపించలేదు గదా, నువ్వే పంపావా? అయితే నువ్వింక మామకి నేర్పొచ్చు" అని చెప్పాను. వాయిస్‌లో ఒక జాగ్రత్త కావాలి. అలసిపోయి ఉంటే అక్షరాల్లో దాగుతుంది గానీ గొంతులో దాగదు. అందుకే వాయిస్‌లన్నీ పొద్దున టీ తాగాక పెట్టాను.

కంపెనీ కుర్రాళ్ళవి వేరే రకం. నా ఫొటో, కింద వాళ్ళ కంపెనీ గుర్తు, చుట్టూ బెలూన్లు పెట్టి పోస్టర్ చేసి పంపుతారు. తేదీ వస్తే డీలర్లందరికీ, ల్యాబ్‌లవాళ్ళందరికీ ఇదే పోస్టర్ వెళుతుందని నాకు తెలుసు. అక్కడ అతి ఆప్యాయత నటించను. అయినా ఒక కుర్రాడు పోస్టర్‌లో నా పాత ఫొటో కాకుండా ల్యాబ్ తెరిచిన రోజు ఫొటో వెతికి పెట్టాడు. అతనికి మాత్రం "ఆ ఫొటో యాడ దొరికింది నీకు? నా దగ్గర కూడా లేదు, పంపు" అని రాశాను.

ఇలా ప్రశ్న అడగడంలో ఒక మెలిక ఉంది. ప్రశ్న పెడితే జవాబు వెచ్చగా ఉంటుంది, నిజమే. కానీ ప్రశ్నకి అవతలి నుంచి జవాబొస్తుంది, దానికి మళ్ళీ మనం రాయాలి. ఎనభై మందినీ "ఎట్టుండారు, పిల్లలేం చదువుతున్నారు?" అని అడిగితే మర్నాటికి ఎనభై సంభాషణలు తెరుచుకుంటాయి. అందులో సగానికి పలకలేక ఊరుకుంటే, అడిగి పలకలేదన్న మాట మిగులుతుంది. నిజంగా తెలుసుకోవాలని ఉన్నవాళ్ళనే అడిగాను. మిగతావి "నీ కేకు ముట్టింది" లాగా, అవతలివాళ్ళు మళ్ళీ రాయాల్సిన పని లేకుండా ముగిసే వాక్యాలు.

గ్రూపుల సంగతి. మా డిగ్రీ గ్రూప్‌లో ఒకడు మొదలుపెడితే పాతికమంది వరసగా అదే అంటించారు. గ్రూప్‌లో పేరుపేరునా రాయడం మొదలుపెడితే ఎవరో ఒకరి పేరు జారిపోతుంది, అది వాళ్ళకే కనపడుతుంది. కాబట్టి గ్రూప్‌కి ఒకటే జవాబు పెట్టాను, అందరికీ సంబంధించిన విషయం మీద. కావలి రైల్వే స్టేషన్ బయట బజ్జీల బండి ఇప్పుడు లేదని, అక్కడ నిలబడి ఎవరెవరు ఎవరికి బాకీ పడ్డారో లెక్క నా దగ్గర ఉందని రాశాను. ఒకరిద్దరు నిజంగా కూర్చుని నాలుగు లైన్లు రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి విడిగా చాట్‌లో రాశాను. ఫేస్‌బుక్ గోడ మీద పెట్టినవాళ్ళలో ఫోన్ నంబర్ ఉన్నవాళ్ళకి వాట్సాప్‌లోనే రాసి, లేనివాళ్ళకి అక్కడే కామెంట్ కింద రాశాను. అక్కడి జవాబులు ఒకదాని కింద ఒకటి అందరికీ కనపడతాయి, ఆ పేజీలోనే అన్నిటికంటే ఎక్కువ తేడాలు చూపించాలి.

అలసట గురించి కూడా చెప్పాలి. పది పన్నెండు రాశాక వాక్యాలు మారిపోతాయి, రాసేవాడికి తెలియదు. నాకు కనపడిన గుర్తులు కొన్ని. ఆశ్చర్యార్థకాలు రెండు, మూడు అవుతాయి. "చాలా" అన్నది "చాలా చాలా" అవుతుంది. ఉత్సాహం తగ్గేకొద్దీ గుర్తులు పెరుగుతాయి. అన్నిటికంటే పెద్ద గుర్తు, ఒక్క మనిషికి రాస్తూ "మీ అందరి ప్రేమకి" అని రాయడం. ఆ మాట వేళ్ళ మీదకి వచ్చిందంటే ఎదురుగా మనిషి పోయి గుంపు మిగిలిందని అర్థం. ఇంక ఆ పూట ఫోన్ పక్కన పెట్టేస్తాను. పంపేశాక చూసుకుంటే పదిహేను నిమిషాల లోపు వాట్సాప్‌లో సరిదిద్దుకోవచ్చు గానీ, సరిదిద్దినట్టు కింద చిన్న అక్షరాల్లో చూపిస్తుంది. కాబట్టి ముందే ఆగడం మేలు.

వరస కూడా మార్చాను. ఎవరైనా ముందు తేలికవి అవగొట్టి, పెద్ద మెసేజ్‌లు తీరిగ్గా రాద్దామని దాచుకుంటారు. తీరిక దొరికేటప్పటికి బుర్రలో ఏమీ ఉండదు. పెద్దగా రాసిన మనిషికి అలిసిపోయిన రెండు ముక్కలు వెళతాయి. నేను మొదటి సాయంత్రం బాగా రాసినవాళ్ళకే కేటాయించాను. కేకు బొమ్మలవాళ్ళు ఆఖరున.

దీనివల్ల కొందరికి మూడో రోజుకి గానీ జవాబు వెళ్ళలేదు. "లేటుగా రిప్లై ఇస్తున్నందుకు సారీ" అని పెట్టాలా అని ఆలోచించాను. పది మందికి పెడితే ఆ సారీ కూడా కాపీయే అవుతుంది. ఆలస్యం సంగతి ఎత్తకుండా ఆలస్యానికి తగ్గ మాట రాస్తే సరిపోయింది. "నిన్న కోవూరు మీదుగా వస్తుంటే నీ షాపు మూసి ఉండటం చూశా. నీ విషెస్ అప్పుడే గుర్తొచ్చింది" అని ఒక మేత షాపాయనకి రాశాను. అది మూడో రోజునే రాయగలిగే జవాబు. వారం దాటితే మాత్రం మెసేజ్ పెట్టను, ఫోన్ చేస్తాను. వారం తర్వాత వచ్చే రెండు ముక్కలు లిస్టులో ఆఖరి పేరు అన్నట్టే ఉంటాయి.

ఆఖరికి పేరు తెలియని నంబర్లు కొన్ని మిగిలాయి. "హ్యాపీ బర్త్ డే సార్", ఫొటో చోట ఆంజనేయస్వామి. ఫోన్ మార్చినప్పుడు కొన్ని నంబర్లు పోయాయి నాకు. ఇలాంటప్పుడు వెంటనే "మీరెవరు?" అని అడగకుండా ముందు రెండు చోట్ల చూడాలి. సేవ్ చేయని నంబర్ అయితే వాట్సాప్ వాళ్ళు పెట్టుకున్న పేరు చూపిస్తుంది. నంబర్ వివరాల్లోకి వెళితే ఇద్దరూ కలిసి ఉన్న గ్రూపులు కనపడతాయి. అలా రెండు నంబర్లు తేలాయి. ఒకటి మాత్రం తేలలేదు. పేరు చోట ఒక నక్షత్రం బొమ్మ ఉంది, ఉమ్మడి గ్రూపులు లేవు. తెలిసినట్టు నటించి "బాగుండారా?" అని పెడితే రెండో మెసేజ్‌లోనే దొరికిపోతాం. ఉన్నది ఉన్నట్టు రాశాను: "ఫోన్ మార్చినప్పుడు నంబర్లు పోయాయండీ, అందులో మీదీ పోయినట్టుంది. పేరు చెబితే సేవ్ చేసుకుంటా."

కాసేపటికి ఫోనే వచ్చింది. "నేను సార్, జువ్వలదిన్నె. పోయిన డిసెంబర్‌లో ఒక్కసారే వచ్చా మీ దగ్గరికి. ఉప్పు ఎక్కువుందని నీళ్ళు మార్చమన్నారు" అన్నాడు. ఒక్కసారి వచ్చిన మనిషికి నా పుట్టినరోజు ఎలా తెలుసని అడిగాను. ల్యాబ్ గోడకి తగిలించిన లైసెన్సు కాగితంలో తేదీ చూశాడట, వాళ్ళబ్బాయిదీ అదే తేదీ అట. అబ్బాయికి ఎన్నో ఏడని అడిగి, ఆ పిల్లాడి పేరుతోనే నంబర్ సేవ్ చేసుకున్నాను.